‘ఎంట్రీలు కొట్టినానక్కా’ అన్న మాటను రెజ్యూమెలో ఎలా రాయాలి

మొన్న జూలైలో మా పక్కింటమ్మాయి రెజ్యూమె ప్రింటు పట్టుకుని మా ఇంటికొచ్చింది. బీకాం కంప్యూటర్స్ చదువుతోంది, మూడో సంవత్సరంలోకి వచ్చింది. వేసవిలో రెండు నెలలు ఇక్కడే కర్నూలులో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో ఇంటర్న్‌షిప్ చేసింది. కంపెనీల దగ్గర మందులు తెప్పించుకుని ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నందికొట్కూరు వైపు మెడికల్ షాపులకు వేసే ఏజెన్సీ అది. ‘ఒకసారి చూసి తప్పులుంటే చెప్పక్కా’ అంది.

ఇంగ్లీషులో తప్పుల్లేవు. కానీ ఇంటర్న్‌షిప్ కింద ఉన్న ఐదు లైన్లు చదివితే ఆ పిల్ల అక్కడ ఏం చేసిందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగులో చెప్పాలంటే అవి ఇలా ఉన్నాయి: డేటా ఎంట్రీ బాధ్యత నాకు అప్పగించబడింది, స్టాకు నిర్వహణలో సహాయం చేశాను, కస్టమర్లను చూసుకున్నాను, ఫార్మా పంపిణీ గురించి చాలా నేర్చుకున్నాను. ఐదోది చూసి ఆగిపోయాను. సంస్థ సామర్థ్యాన్ని 30 శాతం పెంచాను అని ఉంది.

‘ఈ 30 ఎక్కడిది పాపా?’ అన్నాను.

‘మా సీనియర్ పెట్టమన్నాడక్కా. నంబర్ లేకపోతే రెజ్యూమె చూడనే చూడరంట. క్రియాపదాల లిస్టు కూడా పంపినాడు, వాట్సాప్‌లో ఉంది, 200 ఉన్నాయి.’

నేను ఒక విత్తనాల కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. ట్రైనీలను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలో పక్కన కూర్చోమంటారు, అందుకని ఏటా ఇలాంటి రెజ్యూమెలు ఒక కట్ట నా చేతిలోంచి పోతాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ సీనియర్ సలహా తలకిందులుగా ఉంది. లిస్టులోంచి బలమైన క్రియాపదం ఏరుకుని, దానికొక శాతం తగిలించి, ఆ తర్వాత మధ్యలో పనిని ఇరికించడం కాదు చేయాల్సింది. మొదట పని, తర్వాత లెక్క, ఆ లెక్కకు ఏది సరిపోతే ఆ క్రియాపదం. క్రియాపదాన్ని అన్నిటికంటే చివర ఎంచుకోవాలి. ఎందుకో ఆ సాయంత్రం మేమిద్దరం చేసిన పనే చెబుతాను.

ముందు ప్రింటు పక్కన పెట్టి, తెలుగులోనే చెప్పమన్నాను. ‘ఏం చేసినావు అక్కడ?’

‘ఏముందక్కా, ఎంట్రీలు కొట్టినా. స్టాకు చూసుకునేదాన్ని. ఎక్స్‌పైరీ లిస్టు ఒకటి చేయించినారు నాతో.’

ఈ మూడు ముక్కల్లోనే అసలు చిక్కంతా ఉంది. మనం మన పని గురించి చెప్పేటప్పుడు ‘నాతో చేయించినారు’ అంటాం. పెద్దల ముందు అది మర్యాదైన మాట కూడా. ఆ మాట ఇంగ్లీషులోకి పోయేసరికి ‘అప్పగించబడింది’ అయిపోతుంది, అందులో పని చేయించినవాళ్లు కనిపిస్తారు గానీ చేసిన పిల్ల కనిపించదు. ఇక ‘చూసుకునేదాన్ని’ అనేది మరీ పెద్ద మాట. ఇంట్లో ముసలమ్మను చూసుకోవడం దగ్గర్నుంచి బ్రాంచి మొత్తం చూసుకోవడం దాకా అన్నీ అందులో పడతాయి. స్టాకు చూసుకోవడమంటే లెక్కపెట్టిందా, సర్దిందా, బిల్లుతో సరిచూసిందా, పాడైనవి పక్కన పెట్టిందా? వీటిలో ప్రతిదానికీ ఇంగ్లీషులో ఒక సూటి క్రియాపదం ఉంది. ‘చూసుకునేదాన్ని’ని అలాగే ‘హ్యాండిల్డ్’ అని మారిస్తే మాత్రం ఒక్కటీ బయటికి రాదు. ఇంకొకటి, మన వాక్యంలో క్రియ చివరొస్తుంది, రెజ్యూమె లైనులో మొదటే వస్తుంది. మనం లైను చివర దాకా దాచుకునే మాటను అక్కడ మొదటి మాటగా పెట్టాలి, కాబట్టి అది కచ్చితంగా ఏదో ముందే తేలకపోతే ఇంకెవరి లిస్టులోంచో అరువు తెచ్చుకుంటాం.

అందుకే ఆ అమ్మాయిని ఎక్స్‌పైరీ లిస్టు దగ్గర ఆపాను. అసలు అదెందుకు చేయించారని అడిగాను. అప్పుడు ఆ పిల్ల ముఖంలో వెలుగు వచ్చింది, గబగబా చెప్పుకొచ్చింది.

మందుల వ్యాపారంలో ప్రతి సరుకుకూ బ్యాచ్ నంబరు, గడువు నెల ఉంటాయి. ఒకే మాత్రలు నాలుగు బ్యాచ్‌లలో వస్తే నాలుగు గడువులు. గడువు ముందొచ్చేది ముందు పోవాలి, లేకపోతే అది రాక్ వెనక్కి జరిగి అక్కడే ముగిసిపోతుంది. గడువు దగ్గరపడిన సరుకును షాపులవాళ్లు తీసుకోరు, కంపెనీకి వాపసు పంపాలంటే ఒక్కో కంపెనీకి ఒక్కో గడువు, ఒక్కో నిబంధన. ఈ ఏజెన్సీలో మూడు రాక్‌ల సరుకుకు గడువు చూసే పద్ధతంటూ లేదు, గుర్తొచ్చినప్పుడు కుర్రాడొకడు చేత్తో తీసి చూసేవాడు. మే నెలాఖరున ఒక షాపు నుంచి గోల వచ్చాక ఓనరు ఈ పిల్లను పిలిచి లిస్టు చేయమన్నాడు. నాలుగు రోజులు రాక్‌ల దగ్గర నిలబడి మందు పేరు, బ్యాచ్, గడువు, ఎన్ని స్ట్రిప్పులు అనేవి ఎక్సెల్‌లో ఎక్కించింది. మొత్తం 640 బ్యాచ్‌లు.

‘గడువు దగ్గరపడినవి ఎన్ని తేలినాయి?’

‘90 రోజుల్లోపు 47 అక్కా. అయిపోయి కూడా రాక్‌లో ఉన్నవి ఇంకో ఆరు.’

చూశారా. ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చేతిలో 640, 47, 6 పెట్టుకుని ఎక్కడిదో తెలియని 30 శాతం కోసం పోయింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ అంకెలు ‘ఫలితాలు’ అనిపించుకుంటాయని ఎవరూ చెప్పలేదు. ఫలితం అంటే లాభం పెరగడం, అమ్మకం పెరగడం అనుకుంటారు పిల్లలు. రెండు నెలలు వచ్చిపోయే ఇంటర్న్ చేతిలో లాభం ఉండదు. ఎన్ని చూశాం, ఎన్ని తేలాయి, ఎంతసేపట్లో చేశాం, మనం చేసిచ్చినదాన్ని తర్వాత ఎవరు ఏం చేశారు, ఇవే ఉంటాయి. ఇవి చాలు.

అయితే అంకె దొరికింది కదా అని వెంటనే రాసేయకూడదు. ఆ 47 ఎలా వచ్చిందో చెప్పమన్నాను, ఇంటర్వ్యూలో నేనైతే అదే అడుగుతాను కాబట్టి. మొదట 58 వచ్చిందట. మందు అట్ట మీద గడువు నెల, సంవత్సరం మాత్రమే వేస్తారు. అలా నెల, నాలుగు అంకెల సంవత్సరం మాత్రమే కొడితే ఎక్సెల్ దాన్ని ఆ నెల ఒకటో తేదీగా తీసుకుంటుంది. మందు మాత్రం ఆ నెల చివరి రోజు దాకా చెల్లుతుంది. అంటే ప్రతి బ్యాచ్‌కూ దాదాపు నెల రోజులు తక్కువ చూపించింది. అక్కడి అకౌంటెంటు గారు ఒక పెట్టె తీసి చూపించి ఇది ఇంకా చెల్లుతుంది కదమ్మా అన్నాకే తెలిసిందట. అప్పుడు ఈ ఫార్ములా పెట్టింది. D కాలమ్‌లో గడువు, E కాలమ్‌లో మిగిలిన రోజులు, G1 గడిలో లెక్కపెట్టిన తేదీ.

```
=EOMONTH(D2,0)-$G$1
=COUNTIFS(E2:E641,">=0",E2:E641,"<=90")
```

మొదటిది E2లో పెట్టి కిందికి లాగితే ప్రతి బ్యాచ్‌కూ నెల చివరి రోజు వరకు ఎన్ని రోజులున్నాయో వస్తుంది. రెండోది 0 నుంచి 90 మధ్య ఉన్నవాటిని లెక్కపెడుతుంది. G1లో జూన్ 2 అని తేదీ కొట్టి ఉంచింది, అక్కడ `TODAY()` పెట్టలేదు. అది పెట్టి ఉంటే షీటు తెరిచిన ప్రతి రోజూ అంకె మారిపోయేది, ఆగస్టులో ఎవరైనా చూపించమంటే 47 బదులు ఇంకేదో కనిపించేది. రెజ్యూమెలో రాసే ప్రతి అంకె వెనకా ఇలా ఒక తేదీ, ఒక నిర్వచనం ఉండాలి. ‘గడువు దగ్గరపడినవి’ అంటే 90 రోజులా, 60 రోజులా? ఏ రోజు లెక్క? అది చెప్పగలిగితే 47 అనే చిన్న అంకె నిలబడుతుంది. నిజం చెప్పాలంటే 58 ఎందుకు తప్పో వివరించిన ఆ రెండు నిమిషాలే నాకు ఆ పిల్ల మీద ఎక్కువ నమ్మకం కలిగించాయి.

తర్వాత అసలైన గట్టి ప్రశ్న. ఆ 47 ఏమయ్యాయి?

ఓనరు ఆ లిస్టును సేల్స్ వాళ్లకిచ్చి, త్వరగా తిరిగే షాపులకు ముందు ఇవి వేయమన్నాడట. కొన్నిటిని కంపెనీకి వాపసు పంపారు. జూన్ నెలాఖరుకు 31 బ్యాచ్‌లు కదిలాయని అంది. ‘అయితే 31 బ్యాచ్‌ల నష్టం తప్పించాను అని రాయొచ్చా అక్కా?’

రాయకూడదు. ఇక్కడే చాలామంది మంచి పనిని కూడా చెడగొట్టుకుంటారు. సరుకు కదిలించింది సేల్స్ వాళ్లు, వాపసుకు కంపెనీతో మాట్లాడింది ఓనరు. ఈ పిల్ల చేసింది ఏది ముందు కదలాలో తేల్చి చెప్పడం. అది చిన్న పనేమీ కాదు, అది లేకపోతే ఆ 31లో ఎన్ని రాక్‌లోనే ఉండిపోయేవో. కానీ ‘తప్పించాను’ అన్న మాటలో ముగ్గురి పని ఒకరి ఖాతాలో పడుతుంది. నేనే ఇంటర్వ్యూలో కూర్చుంటే ‘ఎలా తప్పించావు, ఏ షాపుకు అమ్మావు’ అంటాను, అప్పుడు ఆ పిల్ల ‘నేను అమ్మలేదండీ’ అనాల్సి వస్తుంది. ఆ క్షణం నుంచి రెజ్యూమెలో మిగతా లైన్లన్నీ నాకు అనుమానంగానే కనిపిస్తాయి. అందుకని ఒక లైనులో రెండు భాగాలు పెట్టుకోమన్నాను: నా చేతితో అయింది ఒకటి, దాని ఆధారంగా వేరేవాళ్లు చేసింది ఇంకొకటి. మొదటి భాగానికి క్రియాపదం నాది. రెండో భాగంలో ఎవరు చేశారో వాళ్ల పేరుతోనే ఉండాలి, సేల్స్ సిబ్బంది అయితే సేల్స్ సిబ్బంది.

ఇప్పుడు, ఇక్కడ, క్రియాపదం వెతుక్కోవచ్చు. సీనియర్ పంపిన 200 లిస్టు అప్పుడు తెరిచాం. ‘స్పియర్‌హెడెడ్’ అనేది పైనే ఉంది. దళానికి ముందు నడిచినవాళ్లకు వాడే మాట, ఇక్కడ దళమూ లేదు. ‘మేనేజ్డ్’ అంటే సరుకు ఎంత తెప్పించాలో, ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో నిర్ణయం తీసుకునేవాళ్లు, అది ఓనరు. ‘అసిస్టెడ్’ తప్పు కాదు, కానీ ఈ పని మొత్తం తనే చేసింది కదా, సహాయం చేయడానికి ఇంకెవరున్నారు? అలా కొట్టేసుకుంటూ పోతే లిస్టులో దాదాపు అన్నీ పోయాయి. మిగిలినవి రెండే. లిస్టు తయారుచేసింది కాబట్టి ‘బిల్ట్’, 640లోంచి 47 పట్టుకుంది కాబట్టి ‘ఐడెంటిఫైడ్’. రెండూ చాలా మామూలు మాటలు. పక్కన 640 ఉంటే మామూలు మాటే బరువుగా ఉంటుంది, పక్కన ఏమీ లేకపోతే ‘స్పియర్‌హెడెడ్’ కూడా గాలికి కొట్టుకుపోతుంది.

శాతం గురించి కూడా ఒక మాట. 47లో 31 అంటే దాదాపు 66 శాతం. శాతమే రాద్దామా అంది. నాకిష్టం లేదు. శాతం ఒక్కటే రాస్తే దాని కింద ఉన్న మొత్తం ఎంతో దాగిపోతుంది. నాలుగు తప్పుల్లోంచి రెండు తగ్గినా 50 శాతమే, నాలుగు వందల్లోంచి రెండు వందలు తగ్గినా 50 శాతమే. చిన్న సంస్థల్లో ఇంటర్న్‌షిప్ చేసిన పిల్లల అంకెలు చిన్నవిగానే ఉంటాయి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 47లో 31 అని రాస్తే చదివేవాళ్లే లెక్క వేసుకుంటారు, పైగా ఎవరో కూర్చుని నిజంగా లెక్కపెట్టారని తెలుస్తుంది. గుండ్రంగా ఉన్న 30 శాతాన్ని చూసినప్పుడు నాకు కలగనిది ఆ నమ్మకమే.

రూపాయల్లో రాయొచ్చా అంటే, ముందు అడగాలి. ఆ 47 బ్యాచ్‌ల కొనుగోలు విలువ ఎంతో ఈ పిల్లకు తెలుసు, షీటులో ఉంది. కానీ అది ఆ ఏజెన్సీ లోపలి లెక్క. ఎంత సరుకు గడువు దాటబోయిందో బయటివాళ్లకు, అందులోనూ అదే ఊళ్లో పోటీ ఏజెన్సీకి, చెప్పినట్టవుతుంది. ఓనరుకు ఫోన్ చేసి అడిగింది. డబ్బు రాయొద్దమ్మా, బ్యాచ్‌ల లెక్క రాసుకో అన్నాడు. ఏజెన్సీ పేరు రాస్తున్నప్పుడు ఈ ఒక్క ఫోన్ చేయడం ఎవరూ మానకూడదని నా అభిప్రాయం.

రెండోది ఎంట్రీలు. ఇక్కడ ఇబ్బంది వేరే. పని ఉంది, లెక్క లేదు. ఆ పిల్లకు సాఫ్ట్‌వేర్‌లో సొంత లాగిన్ ఇవ్వలేదు, అకౌంటెంటు లాగిన్‌లోనే కొట్టింది, కాబట్టి ఎన్ని బిల్లులు తను ఎక్కించిందో సిస్టమ్‌లోంచి తీయలేం. ‘రోజుకు ఒక 20 ఉంటాయేమో’ అంది. ఉంటాయేమోతో పని కాదు.

‘లాగ్ బుక్ తే’ అన్నాను.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, దాంతోపాటు లాగ్ బుక్ ఒకటి నింపాలి. రోజూ తేదీ, ఆ రోజు చేసిన పని క్లుప్తంగా, నేర్చుకున్నది, ఇన్‌చార్జి సంతకం. పుస్తకం పద్ధతి బాగానే ఉంటుంది. అయితే అందులో ‘ఎన్ని’ అని అడిగే గడి లేదు. అందుకే పిల్లలు రోజూ ‘బిల్ ఎంట్రీ చేశాను’ అని రాస్తారు, కొందరైతే ఆఖరి వారంలో కూర్చుని రెండు నెలలదీ ఒకే చేతిరాతలో నింపేస్తారు. రేపటి రెజ్యూమెకు కావలసిన లెక్కలన్నీ అక్కడే పోతున్నాయి. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈ రోజు నుంచే ఆ లైను చివర ఒక అంకె వేయండి. ‘బిల్ ఎంట్రీ, 18’ అని. పది సెకన్ల పని.

ఈ పిల్ల లాగ్ బుక్‌లో అదృష్టం కొద్దీ ఐదు రోజులకు అంకెలున్నాయి, ఆ రోజుల్లో రాయడానికి ఇంకేమీ తోచక బిల్లుల సంఖ్య రాసిందట. 14, 19, 22, 11, 18. మొత్తం 84, రోజుకు సగటు 17కు కొంచెం తక్కువ. ఎనిమిది వారాలు, వారానికి ఆరు రోజులు, 48 రోజులు. మూడు రోజులు సెలవు పెట్టింది, 45. పిల్ల వెంటనే ఫోన్ తీసి గుణించి ‘750 దాటింది అక్కా’ అంది. ఆగమన్నాను. మొదటి రోజు నుంచే ఎంట్రీ చేయనిచ్చారా? లేదు, మొదటి రెండు వారాలు పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. అంటే 12 రోజులు తీసేయాలి. మిగిలింది 33 రోజులు, ఆ సగటుతో 554. ఎక్స్‌పైరీ లిస్టు కోసం రాక్‌ల దగ్గర గడిపిన నాలుగు రోజుల్లో ఎంట్రీ అంతగా చేయలేదు కాబట్టి అవీ తీసేస్తే 29 రోజులు, 487. ఇది అంచనా. అంచనాను ఎప్పుడూ కిందికే దించాలి, మీదికి కాదు. ‘450కి పైగా కొనుగోలు బిల్లులు’ అని రాసుకున్నాం. ఎవరైనా అడిగితే ఐదు రోజుల లెక్క చెప్పి, సగటు ఇది, అందులోంచి ఈ రోజులు తీసేశాను అని వివరించగలదు. 750 రాసి ఉంటే మొదటి రెండు వారాల ప్రశ్న దగ్గరే కూలిపోయేది.

తప్పుల్లేకుండా చేశానని కూడా రాయాలని ఉంది ఆ పిల్లకు. 100 శాతం కచ్చితత్వం అని లిస్టు పక్కన నమూనా లైను కూడా ఉంది. కానీ తప్పులెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. బ్యాచ్ నంబరులో ఒక అంకె అటూ ఇటూ పడితే ఆ రోజు తెలియదు, మూడు నెలల తర్వాత షాపు సరుకు వాపసు పంపినప్పుడు బ్యాచ్ కలవక బయటపడుతుంది. అప్పటికి ఇంటర్న్ వెళ్లిపోయి ఉంటుంది. కొలవనిదానికి అంకె లేదు, అంతే. దాని బదులు తప్పు రాకుండా ఏం చేసిందో రాయొచ్చు కదా అని అడిగితే, ప్రతి బిల్లునూ సేవ్ చేసే ముందు కాగితం మీది మొత్తంతో తెర మీది మొత్తాన్ని, బ్యాచ్, గడువులను ఇంకోసారి సరిచూసేదాన్ని అంది. అది నిజం, అది పద్ధతి, దాన్నే పెట్టాం. ఫలితం కొలవలేని చోట పద్ధతి చెప్పడం వెనకడుగేమీ కాదు.

ఫోన్లు ఎత్తడం, కస్టమర్లను చూసుకోవడం తీసేశాం. లెక్కా లేదు, చెప్పుకోదగ్గ సంగతీ జరగలేదు. ‘చాలా నేర్చుకున్నాను’ కూడా తీసేశాం. నేర్చుకున్నది పైన రెండు లైన్లలో కనిపిస్తూనే ఉంది.

ఇలా అరువు అంకెల గురించి మాట్లాడుతుంటే మా ఆఫీసుకు వచ్చిన ఇంకో రెజ్యూమె గుర్తొచ్చి ఆ పిల్లకు చెప్పాను. ఒక ఇంజనీరింగ్ అబ్బాయి, గని, శకునాల గ్రామాల దగ్గరున్న సోలార్ పార్కులో ఇంటర్న్‌షిప్ చేశానని రాశాడు. మొదటి లైనులోనే 1000 మెగావాట్లు అని ఉంది. ఆ పార్కు సామర్థ్యం నిజంగానే 1000 మెగావాట్లు. కానీ అది పార్కు అంకె, ఆ అబ్బాయిది కాదు. ఆ అబ్బాయి రోజూ ఎన్ని ఇన్వర్టర్ల రీడింగులు రాసుకున్నాడు, వాటిలో తేడా కనిపించి పైవాళ్లకు ఎన్నిసార్లు చెప్పాడు, అది రాసి ఉంటే ఆ లైనులో అతను కనిపించేవాడు. పెద్ద సంస్థలో పనిచేసినప్పుడు ఈ ఆశ ఎక్కువ. మనం నిలబడిన గోడ ఎత్తును మన ఎత్తులో కలుపుకున్నట్టు ఉంటుంది.

రాత్రి ఎనిమిదిన్నరకు ఐదు లైన్లు రెండయ్యాయి. ఇంగ్లీషులో క్రియాపదం ముందు, ఏం చేసింది తర్వాత, ఎంత మేరకు అన్నది ఆ వెంటనే, దానివల్ల ఏమైందో చివర. తెలుగులో అర్థం ఇది.

మొదటిది: మూడు రాక్‌లలోని 640 మందుల బ్యాచ్‌లకు ఎక్సెల్‌లో గడువు జాబితా తయారుచేసి, 90 రోజుల్లోపు గడువున్న 47 బ్యాచ్‌లను, గడువు దాటిన 6 బ్యాచ్‌లను గుర్తించాను; ఆ జాబితా ఆధారంగా సంస్థ సిబ్బంది నెలాఖరుకల్లా 31 బ్యాచ్‌లను అమ్మారు లేదా కంపెనీకి వాపసు పంపారు.

రెండోది: 450కి పైగా కొనుగోలు బిల్లులను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేశాను, ప్రతి బిల్లులో బ్యాచ్, గడువు, మొత్తం సరిచూశాకే సేవ్ చేశాను.

మొదటి లైను కొంచెం పొడవైంది. ప్రింటులో రెండు వరుసలు దాటకుండా చూసుకోమన్నాను, అవసరమైతే గడువు దాటిన 6 తీసేసినా నష్టం లేదు.

నా చెల్లెలి భర్త బెంగళూరులో రిక్రూటర్, అతనికి ఫోన్‌లో ఈ కథంతా చెబితే ఒప్పుకోలేదు. ‘అందరూ పెంచి రాస్తారు వదినా, మీ పిల్ల ఒక్కతే నిజం రాస్తే వెనకబడుతుంది, ఫ్రెషర్ చెప్పింది ఎవరు తవ్వి చూస్తారు’ అన్నాడు. అతని మాటను నేను కొట్టిపారేయను. వందల్లో రెజ్యూమెలు వచ్చేచోట మొదటి వడపోతలో 30 శాతం అన్న లైను దాటిపోవచ్చు. కానీ దాటిన తర్వాత ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉంటాడు, అతని చేతిలో ఉన్నది ఆ కాగితమే, అడగడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి ఆ లైనులోంచే అడుగుతాడు. అదీగాక మాది పెద్ద ఊరేం కాదు. కర్నూలులో ఏ ఏజెన్సీ ఓనరైనా ఇంకో ఓనరుకు ఫోన్ చేసి ‘మీ దగ్గర చేసిన అమ్మాయి ఎట్లాంటిది’ అని అడగడం మామూలే. అందుకే రెజ్యూమె ఎవరికైనా పంపే ముందు పని చేయించిన మనిషికే ఒకసారి చదివి వినిపించమంటాను. ఆయన ‘అవును, చేసింది’ అనగలిగితే ఆ లైను ఎక్కడైనా నిలుస్తుంది.

ఆ పిల్ల మరుసటి రోజు ఓనరుకు పంపింది. ఆయన రెండో లైను బాగుందన్నాడు. మొదటిదాంట్లో ఒకచోట ఆగాడట. ఎమ్మిగనూరు వైపు షాపులకు వేసినవాటిలో నాలుగు బ్యాచ్‌లు జూలైలో వెనక్కి వచ్చేశాయి, అవి కదిలినట్టు కాదు, 27 అని రాసుకో అన్నాడు. నాకు మెసేజ్ పెట్టింది, కొంచెం బాధగానే, తగ్గిపోయింది అక్కా అని. 27 పెట్టి, నెలాఖరుకల్లా అన్న మాట తీసేయమన్నాను, లెక్క ఇప్పుడు జూలైలోకి వచ్చింది కాబట్టి.

ఆగస్టులో నంద్యాలలో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర పార్ట్‌టైమ్ పనికి ఇంటర్వ్యూకు పోయింది. ఆయన కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న, ‘మిగతా 20 ఏమైనాయి?’ 12 బ్యాచ్‌లను కంపెనీ వాపసు తీసుకుంటుందేమోనని చూస్తున్నారు, 8 గడువు దాటిపోయాయి, వాటిలో ఎక్కువ ఒకే కంపెనీవి, వాళ్లు గడువుకు మూడు నెలల ముందే పంపాలంటారు, మేము లిస్టు చేసేసరికే ఆ సమయం దాటిపోయింది అని చెప్పిందట. ఆయన తన రాక్‌ల వైపు చూసి, ‘మా దగ్గరైతే 90 రోజులు సరిపోతాయా, 120 పెట్టాలా?’ అని అడిగాడట. దాని మీదే అరగంట మాట్లాడుకున్నారు.